ఊపిరితిత్తుల వాకిట మూడు వ్యాధులు



శ్వాసనాళమూ రక్తనాళాలూ ఊపిరితిత్తిలో ప్రవేశించే చోటును వైద్యులు హైలమ్ అంటారు. మనం వాకిలి అనుకోవచ్చు. అక్కడి లింఫు గ్రంథులు ఉబ్బితే ఎక్స్‌రేలో గుండెనీడకు ఇరువైపులా గుండ్రని తెల్లని ముద్దలు కనిపిస్తాయి. క్షయ, సార్కాయిడోసిస్, లింఫోమా - ఈ మూడింటిలో అది ఏదైనా కావచ్చు.

ఈ తికమక పేర్లలోనే ఉంది. 1899లో నార్వే వైద్యుడు బోయెక్ ఒక చర్మవ్యాధి కణుపులు సార్కోమా అనే పుట్టకురుపును పోలినవని తలచి 'సార్కాయిడ్' అన్నాడు. అది పుట్టకురుపు కానే కాదు. 1952లో స్వీడన్ వైద్యుడు లోఫ్‌గ్రెన్ రెండు వాకిళ్ళ గ్రంథుల వాపును వర్ణించిన వ్యాసానికి శీర్షికలో 'లింఫోమా' అనే మాటనే వాడాడు. అక్కడ దాని అర్థం గ్రంథి వాపు మాత్రమే. నేడదే మాట క్యాన్సరు పేరు.

అంతకుముందు స్కాండినేవియాలో ఈ వాపు, కాళ్ళ మీద ఎర్రని నొప్పికణుపులు కలిసి వస్తే క్షయ తొలిదశ అనేవారు. ట్యూబర్క్యులిన్ పరీక్షకు చర్మం స్పందించని వారిలో అది సార్కాయిడోసిస్ అని లోఫ్‌గ్రెన్ చూపాడు. 1973లో అమెరికాలో వింటర్‌బాయర్ బృందం ఇరువైపులా వాపున్న 100 మందిని పరిశీలించగా, ఏ లక్షణమూ లేని 30 మందిలోనూ తేలింది సార్కాయిడోసిసే. అలాంటివారికి ముక్క తీసి చూడనక్కరలేదన్న సూత్రం దాని నుండి బలపడింది.

ఆ సూత్రం క్షయ అరుదైన నేలది. బందరు, గుడివాడ, దివిసీమల వంటి చోట దాన్ని యథాతథంగా వాడరాదు. అవనిగడ్డ దగ్గర ఒక నలభై యేళ్ళ స్త్రీకి చీలమండల వాపు, కాళ్ళ కణుపులు, రెండు వాకిళ్ళ నీడలు ఉన్నాయనుకుందాం. సి.టి.లో గ్రంథులు రెండువైపులా సమానంగా ఉంటే సార్కాయిడోసిస్ వైపు మొగ్గు. ఒకపక్కే ఉండి, నడుమ నల్లగా, అంచు మెరుస్తూ ఉంటే క్షయ. ఛాతీ ముందుభాగాన పెద్ద ముద్దగా ఉంటే లింఫోమా. ఇవి మొగ్గులే గాని తీర్పులు కావు. శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండు గొట్టం దించి, సూదితో గ్రంథి నుండి నమూనా తీయాలి. జున్నులా కుళ్ళిన భాగం కనబడితే క్షయ అనుమానం బలపడుతుంది. కనబడనంత మాత్రాన క్షయ కాదనలేము. అందుకే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష, వారాల తరబడి కల్చరు.

తొందరపడి ముందే స్టిరాయిడ్ ఇస్తే సార్కాయిడోసిస్ తగ్గుతుంది, లింఫోమా కూడా తాత్కాలికంగా కుంచించుకుపోయి నమూనాలో దొరకకుండా పోతుంది, క్షయ విజృంభిస్తుంది. పరీక్షించకుండా క్షయ మందులిస్తే సార్కాయిడోసిస్ తనంతట తానే తగ్గినా, ఘనత మందుకే దక్కుతుంది. అప్పుడు రోగి చీటీ మీద క్షయ అనే మాటే మిగిలిపోతుంది.