మారని గజదొంగ: బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’లో నాయక పాత్ర

నాగర్‌కర్నూల్ జిల్లాలోని నేటి నందివడ్డెమాన్ ఒకనాటి వర్ధమానపురం. కాకతీయులకు సామంతులైన గోన వంశీయులు ఇక్కడినుండి పాలించారు. ఆ వంశానికి చెందిన గన్నారెడ్డిని నాయకునిగా చేసుకొని అడివి బాపిరాజు (1895–1952) ‘గోన గన్నారెడ్డి’ నవల రచించాడు. ఈ నాయకుడు గజదొంగగా ప్రవేశించి సామ్రాజ్య రక్షకునిగా నిలుస్తాడు గనుక, దీనిని సాధారణంగా ఒక తిరుగుబాటుదారుని పరివర్తన కథగా చదువుతుంటారు. నవల నిర్మాణాన్ని పరిశీలిస్తే ఆ పఠనం నిలవదు. గన్నారెడ్డి మారడు, అతనిని మారనీయకుండా నిలపడమే రచయిత ఎన్నుకొన్న మార్గం.

ఆరంభ ఘట్టాన్ని చూద్దాం. ఆదోని ప్రభువు కోటారెడ్డి కుమార్తె అన్నాంబికకు, గన్నారెడ్డి పినతండ్రి లకుమయారెడ్డి కుమారుడు వరదారెడ్డితో వివాహం నిశ్చయమవుతుంది. గన్నారెడ్డి తన అనుచరులతో వచ్చిపడి పెండ్లికుమారుని ఎత్తుకుపోతాడు. ఇక్కడ పాఠకునికి కనబడేది చర్య, వినబడేది దానిపై ఇతరుల భయాగ్రహాలు. ఉద్దేశ్యం మాత్రం అందదు. వర్ధమానపుర సింహాసనంపై పినతండ్రి ఉన్నాడు కనుక దీనిని దాయాది పగగా భావించడానికి అవకాశం పుష్కలంగా ఉంది. తరువాతి ఘట్టాలలో అతడు మొదటినుండీ రుద్రమదేవి పక్షాననే పనిచేస్తున్నాడనీ, దొంగ వేషం సామంతుల కుట్రలను భగ్నం చేసే సాధనమనీ వెల్లడవుతుంది. అప్పుడు మారేది గన్నారెడ్డి గురించి మనకున్న అభిప్రాయమే.

పరివర్తనకు, రహస్యం వెల్లడి కావడానికి మధ్య భేదాన్ని గుర్తించే సులభమైన పద్ధతి ఒకటున్నది. అంతా తెలిసిన తరువాత మొదటి ఘట్టానికి తిరిగి వెళ్ళాలి. పాత్ర నిజంగా మారి ఉంటే, ఆనాటి చర్య ఈనాటి మనిషికి పొసగదు. గన్నారెడ్డి విషయంలో ఆ అపహరణం చివరి గన్నారెడ్డి చేయదగిన పనిగానే నిలుస్తుంది. అతడు విడిచిపెట్టవలసిన విశ్వాసం గాని, పశ్చాత్తాపపడవలసిన కార్యం గాని కనబడవు.

మార్పును మోసే భారం అన్నాంబికపై పడింది. ఆగిపోయిన పెండ్లిలోని వధువు ఆమె. తండ్రి నిర్ణయాన్ని కాదని, పుట్టిల్లు విడిచి, రుద్రమదేవి ఆశ్రయం చేరి ఆమెకు సన్నిహితురాలవుతుంది. చివరకు గన్నారెడ్డిని వరిస్తుంది. దొంగపై ఆమెకు కలిగిన భావం క్రమంగా రూపాంతరం చెందడంలోనే నవలకు లోపలి కదలిక ఉంది. ఈ దృష్టితో చూస్తే కథ పేరు నాయకునిది, ప్రయాణం నాయికది.

బాపిరాజు ఇలా ఎందుకు చేశాడు? చరిత్ర అతనికి అందించిన ఆధారం కొంత కారణం కావచ్చు. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనం ప్రకారం గోన గన్నయరెడ్డి సేనాని విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ దుర్గాలను జయించి రాయచూరులో రాతికోట కట్టించాడు. సుమారు 41 అడుగుల పొడవున్న శిలపై చెక్కిన ఆ శాసనంలో గజదొంగ లేడు. కాకతీయ విజయాలలో పాల్గొన్న సామంతుడున్నాడు. ముగింపు ముందే తెలిసిన కథకునికి ఆరంభాన్ని కల్పించుకొనే స్వేచ్ఛ ఉంది. ద్రోహిని విధేయునిగా మార్చవచ్చు, లేదా విధేయునికే ద్రోహి ముసుగు వేయవచ్చు. బాపిరాజు రెండవది ఎన్నుకొన్నాడు. పురుషవేషంలో రాజ్యమేలే రుద్రమకు దొంగవేషంలోని గన్నారెడ్డి సరిజోడు. ఇద్దరిదీ తొలగించవలసిన వేషమే గాని మార్చుకోవలసిన స్వభావం కాదు.

ఈ ఎంపికకు మూల్యం కూడా ఉంది. శాసనంలో ఆదవాని జయించిన దుర్గం. నవలలో అదే ఆదోని వధువు పుట్టిల్లు. విఠలుడు శాసనంలో సేనాని, నవలలో తమ్ముడు. రాజకీయ భూగోళం ఇలా కుటుంబ కథగా కుదించుకుపోయింది. వర్ధమానపురం కృష్ణకు ఉత్తరాన ఉంది. రాయచూరు నదికి ఆవల, తుంగభద్రకు ఈవల ఉన్న అంతర్వేదిలోనిది. ఆ అంతర్వేది తూర్పు భాగమే నేటి గద్వాల నడిగడ్డ. ఒకవైపు ఓరుగల్లు, మరొకవైపు దేవగిరి యాదవులు ఉండగా, సరిహద్దు సామంతుడు ఎవరి పక్షం వహించాలన్నది నిజమైన సంకటం. దానిలో స్వార్థం, భయం, లెక్క అన్నీ ఉంటాయి. నాయకుని విధేయతను మొదటి పుటకు ముందే స్థిరపరచడం వలన ఆ సంకటం అతని మనస్సులోకి ప్రవేశించలేదు. పాత్రలో ఊగిసలాట అంతా లకుమయారెడ్డి వంటి ప్రతికూలురకు పోయింది. పాలమూరు చరిత్ర దృష్ట్యా నాకు ఇదే పెద్ద లోటుగా తోస్తున్నది.

కాలం విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. చందుపట్ల శాసనాన్ని బట్టి రుద్రమ మరణం 1289 నాటిది. కనుక రాయచూరు విజయం ప్రతాపరుద్రుని పాలనలోనిది. నవల ద్వారా గన్నారెడ్డిని ఎరిగినవారు అతనిని కేవలం రుద్రమ వీరునిగానే తలుస్తారు. 2015లో గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’ చిత్రంలో అల్లు అర్జున్ ధరించిన పాత్ర ఆ ముద్రను, ముసుగు దొంగ రూపాన్ని, మరింత గట్టిపరచింది. రాణి గతించిన అయిదేండ్లకు కూడా ఆమె వారసుని పక్షాన దుర్గాలు జయించిన గన్నయరెడ్డి మాత్రం రాయచూరు శిలపైనే ఉండిపోయాడు.