బ్యూటీ పార్లర్ రేట్ కార్డ్: కుర్చీలో కూర్చునే ముందే బిల్లు తెలియాలి

దుబాయ్, షార్జాల్లో మనవాళ్లు నడిపే లేడీస్ పార్లర్లలో రేట్ కార్డ్ తరచుగా ఒకే తీరులో ఉంటుంది. ఒక్క ఏ4 కాగితంలో అరవై సర్వీసులు, నాలుగు రంగులు, మూలల్లో పూలు. కస్టమర్ దాన్ని చూసి "ఐబ్రోస్ ఎంతండీ?" అని మళ్లీ నోటితోనే అడుగుతుంది. అలా అడిగిందంటే కార్డు పని చేయడం లేదన్నమాట.

ముందుగా సర్వీసులను త్రెడింగ్, వ్యాక్సింగ్, ఫేషియల్, జుట్టు అని విడదీయండి. ఎక్కువమంది అడిగేది పైన ఉండాలి. ధరను పేరుకు దగ్గరగా వేయండి. పేరు ఎడమ అంచున, అంకె కుడి అంచున ఉంటే చూపు పక్క వరుసలోకి జారిపోతుంది. 'ధరలన్నీ దిర్హామ్‌లలో, వ్యాట్‌తో కలిపి' అని పైన ఒక్కసారి రాస్తే చాలు. వ్యాట్‌కు రిజిస్టరైన వ్యాపారం ఇక్కడ 5 శాతం కలిపిన ధరనే చూపించాలి. కౌంటర్ దగ్గర 200 కాస్తా 210 అయితే గొడవ అక్కడే మొదలవుతుంది.

అసలు చిక్కు ప్యాకేజీలతోనే. ఒక ఉదాహరణ చూద్దాం. ఐబ్రోస్ 15, ఫుల్ ఆర్మ్స్ వ్యాక్సింగ్ 40, అండర్ ఆర్మ్స్ 20, హాఫ్ లెగ్స్ 35, క్లీనప్ 70. విడివిడిగా 180, ప్యాకేజీ 150. 'గ్లో ప్యాకేజీ 150' అని మాత్రమే రాస్తే అందులో ఏముందో ఎవరికీ తెలియదు. అయిదింటి పేర్లూ రాసి, పక్కన 'విడిగా 180, కలిపి 150' అని వేయండి. కస్టమర్ తనే కూడి చూసుకుంటుంది.

ఇప్పుడు ఒకావిడ "నాకు ఐబ్రోస్ వద్దు, 15 తగ్గించండి" అంటుంది. మిగతా నాలుగూ విడిగా 165. ఆమెకు 135కే ఇస్తే మీ తగ్గింపు శాతం ఇంకా పెరిగినట్టే. అందుకే 'వద్దన్న సర్వీసుకు డబ్బు తగ్గించం, అదే ధర లేదా అంతకు తక్కువ ధర ఉన్నది మార్చుకోవచ్చు' అని ప్యాకేజీ కిందే అచ్చు వేయాలి. మాటతో చెబితే మొహమాటం, కాగితం చెబితే నియమం. మరొకటి: మంగళవారం ఆఫర్‌లో క్లీనప్‌ను 50కే ఇస్తే ఆ రోజు విడి ధరలు 160 అవుతాయి, ప్యాకేజీలో మిగిలేది పదే. ఆఫర్ పెట్టేటప్పుడల్లా ఈ కూడిక మళ్లీ చేయాలి. ప్యాకేజీలు మూడు మించితే పోల్చుకోలేక అన్నీ వదిలేస్తారని నా అభిప్రాయం.

జుట్టు రంగుకు '80 నుంచి' అని రాయకండి. భుజాల దాకా, నడుము దాకా, ఇంకా పొడవు అని మూడు ధరలు ఇవ్వండి. పెళ్లి మేకప్ లాంటివాటికి మాత్రం 'అడిగి తెలుసుకోండి' అనడమే నిజాయితీ.

అచ్చుకు ముందు మీ పార్లర్‌కి ఎప్పుడూ రాని ఒకరి చేతికిచ్చి, రెండు సర్వీసులు, ఒక ప్యాకేజీ కలిపి మొత్తం చెప్పమనండి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ మార్చండి. కార్డు అడుగున నెల, సంవత్సరం వేసి, వాట్సాప్‌లో తిరుగుతున్న పాత ఫోటో స్థానంలో కొత్తది పంపండి.