మూడు సంఖ్యల కోసం నాలుగో సంఖ్య

ఆగస్టు 21 అగస్టిన్ లూయీ కోషీ పుట్టినరోజు. పారిస్‌లో బాస్తీల్ కోట జనం చేతికి చిక్కిన అయిదు వారాలకు, 1789లో పుట్టాడు. ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఆయన పేరు అడుగడుగునా తగులుతుంది. నాకు మాత్రం 1821లో ఆయన అచ్చువేసిన పాఠ్యపుస్తకం చివర, అనుబంధంలో ఉన్న ఒక చిన్న నిరూపణ అంటే ప్రాణం. ధనసంఖ్యల అంకమధ్యమం ఎప్పుడూ గుణమధ్యమానికి తగ్గదని అందులో చూపించాడు.

రెండు సంఖ్యల వరకు ఈ సంగతి గ్రీకుల రేఖాగణితంలోనే ఉంది. a, b పొడవులను ఒకే గీతపై పక్కపక్కన పెట్టి, మొత్తం గీత వ్యాసంగా అర్ధవృత్తం గీయండి. అవి కలిసే బిందువు నుంచి వృత్తం దాకా నిలువు గీత గీస్తే దాని పొడవు √(ab). యూక్లిడ్ ఆరో పుస్తకంలోని 13వ ప్రతిపాదన ఇదే. అర్ధవృత్తం వ్యాసార్ధం (a+b)/2. నిలువు గీత వ్యాసార్ధాన్ని మించలేదు. a, b సమానమైనప్పుడు మాత్రం దాన్ని అందుకుంటుంది.

ఆ తర్వాత శతాబ్దాలు గడిచాయి. 1729లో స్కాట్లాండ్ గణితజ్ఞుడు మెక్లారిన్ ఎన్ని సంఖ్యలకైనా ఇది నిజమేనన్నాడు. అసమానంగా ఉన్న రెండింటిని వాటి సగటుతో మారిస్తే మొత్తం మారదు, లబ్ధం పెరుగుతుంది. కాబట్టి అన్నీ సమానమైనప్పుడే లబ్ధం గరిష్ఠం. అయితే ఈ వాదన గరిష్ఠం ఒకటి ఉందని ముందే ఒప్పేసుకుంటుంది.

కోషీకి ఆ ఒప్పుకోలుతో పని లేకపోయింది. ఎకోల్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్న ఆయన అతి సాదా మెట్టుతో మొదలుపెట్టాడు. ఏ వర్గమూ రుణసంఖ్య కాదు కనుక (√a − √b)² ≥ 0. విప్పి రాస్తే రెండు సంఖ్యల ఫలితం వచ్చేస్తుంది. నాలుగు సంఖ్యలుంటే రెండు జతలు చేసి, ఒక్కో జత సగటుకు అదే ఫలితం వాడి, ఆ రెండు సగటులకు మళ్లీ వాడాలి. అలా 8, 16, 32 దాకా ఎక్కుతూ పోవచ్చు.

మరి మూడు సంఖ్యలైతే? జతలు కుదరవు. ఇక్కడే కోషీ తెలివి చూడాలి. a, b, c ల సగటును m అనుకుని, దాన్నే నాలుగో సంఖ్యగా కలిపాడు. సగటునే కలిపాం కాబట్టి నాలుగింటి సగటు కూడా m. నాలుగు సంఖ్యల ఫలితం ప్రకారం m⁴ ≥ abcm. రెండువైపులా ఒక m కొట్టేస్తే m³ ≥ abc. అంతే, మూడింటికీ తేలిపోయింది. అయిదుంటే సగటును మూడుసార్లు చేర్చి ఎనిమిది చేస్తాం. ఎన్ని ఉన్నా దారి ఇదే.

ఈ మూడు సంఖ్యల ఫలితం ఎక్కడ అక్కరకొస్తుందో చూద్దాం. 4 ఘనమీటర్ల నీళ్లు పట్టే, మూతలేని, చతురస్రపు అడుగున్న రేకు తొట్టి చేయాలి. అడుగు భుజం x మీటర్లు అయితే ఎత్తు 4/x². అడుగుకు x², నాలుగు గోడలకు 16/x, మొత్తం x² + 16/x చదరపు మీటర్ల రేకు కావాలి. రెండు పదాలే కదా అని నేరుగా గుణిస్తే 16x వస్తుంది. అందులో x మిగిలిపోయింది, కాబట్టి కనిష్ఠ విలువ చేతికి రాదు. అయినా రెండు పదాలనూ సమానం చేసి చూస్తే x దాదాపు 2.52, రేకు 12.7. అది తప్పు జవాబు. 16/x ను 8/x, 8/x గా విడగొట్టండి. ఇప్పుడు మూడు పదాల లబ్ధం 64, అందులో x లేదు. మొత్తం 3 × ∛64 = 12 కి తగ్గదు. x² = 8/x, అంటే x = 2 అయినప్పుడు సరిగ్గా 12 అవుతుంది. తొట్టి ఎత్తు 1 మీటరు.

ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చాక కథ ఒక్క దారిన నడవదు. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజినీరు సరుకు ఒక్కోసారి ఎంత తెప్పించుకోవాలో లెక్కగట్టాడు. తెప్పించే ఖర్చు, నిల్వ ఖర్చు సమానమైన చోటే మొత్తం కనిష్ఠం. గణితజ్ఞుడు పోల్యా e^x ≥ 1 + x నుంచి కోషీ మెట్లేవీ లేని మరో నిరూపణ ఇచ్చాడు. 1967లో ఈ అసమానతే పునాదిగా జామెట్రిక్ ప్రోగ్రామింగ్ అనే శాఖపై పుస్తకం వచ్చింది. ఇటు మన ఇంటర్ తరగతుల్లో ఇది ప్రవేశ పరీక్షల చిట్కాగా మారింది.

చిట్కాగా వాడేవాళ్లు జారిపడేచోటు ఒకటుంది. 0 నుంచి 90 డిగ్రీల మధ్య sin x + 4/sin x కనిష్ఠం ఎంత? లబ్ధం 4 కాబట్టి 2√4 = 4 అని రాసేస్తారు. రెండు పదాలూ సమానం కావాలంటే sin x = 2 కావాలి, అది జరగదు. మొత్తం 4 కి తగ్గదన్న మాట నిజమే, కానీ 4 ను ఎన్నటికీ చేరదు. sin x ను s అందాం. s + 1/s + 3/s గా విడగొడితే మొదటి రెండూ కలిపి 2 కి తగ్గవు, s ఒకటిని దాటదు కనుక మూడోది 3 కి తగ్గదు. రెండూ s = 1 దగ్గరే, అంటే 90 డిగ్రీల వద్దే సమానమవుతాయి. కనిష్ఠం 5. ముందు సమానత్వం ఎక్కడ కుదురుతుందో చూసి, ఆ తర్వాత పదాలను విడగొట్టాలి.