చెదిరిన తంతి సందేశాలు

చెదిరిన తంతి సందేశాలు: దారిలో విద్యుత్ రొద కలిసి కొన్ని అక్షరాలు మారిపోయి, కొన్ని పోయి, కొన్ని మాత్రమే సరిగా చేరిన టెలిగ్రాములు. వాటిలో ఏ మాటను నమ్మాలి, దేన్ని మళ్లీ అడగాలి అనే ప్రశ్న 1858 నాటి అట్లాంటిక్ కేబుల్‌తో తీవ్రమైంది. దానికి గణితశాస్త్రం చెప్పే జవాబు 1950లో వచ్చింది. ఈ మధ్యలోని తొంభై ఏళ్లలో తంతి ఉద్యోగులు, వర్తకులు, కోడు పుస్తకాలు రాసినవారు నష్టపోతూ నేర్చుకున్న కిటుకులే ఆ జవాబుకు పునాది అనవచ్చు.

1858 ఆగస్టు 5న ఐర్లాండ్‌లోని వాలెన్షియా ద్వీపానికీ, అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌కూ మధ్య కేబుల్ కలిసింది. అంత పొడవైన కేబుల్ నీటిలో ఉన్నప్పుడు విద్యుత్తును తనలో నిలవచేసుకుంటుంది. ఇవతల ఒక్క క్షణం మీట నొక్కితే అవతల అది నెమ్మదిగా పైకి లేచి, ఇంకా నెమ్మదిగా దిగే అలగా చేరుతుంది. కేబుల్ పొడవు రెట్టింపయితే ఈ ఆలస్యం నాలుగు రెట్లవుతుందని విలియం థామ్సన్ ముందే లెక్కగట్టాడు. కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. సంకేతం బలహీనంగా ఉంటే బలం పెంచాలన్నది ఆయన పద్ధతి. సుమారు 2000 వోల్టులు పంపాడు. అసలే లోపాలున్న కేబుల్ తొడుగు దానితో మరింత పాడయింది.

థామ్సన్ దీనికి విరుద్ధమైన దారి పట్టాడు. పంపేదాన్ని పెంచడం మాని, అందుకునేదాన్ని సున్నితం చేశాడు. సన్నని పట్టుదారానికి చిన్న అద్దాన్ని వేలాడదీసి, దాని వెనక సూక్ష్మమైన అయస్కాంతాలు అతికించాడు. దీపపు వెలుగు అద్దం మీద పడి ఎదుటి కొలబద్ద మీద చుక్కగా కనిపిస్తుంది. అది ఒక వైపు జరిగితే మోర్స్ చుక్క, రెండో వైపు జరిగితే గీత. అయితే భూమిలో పుట్టే ప్రవాహాల వల్ల ఆ వెలుగు దానంతటదే అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. అందుకే చూసే ఉద్యోగి అది ఎక్కడ ఉందన్నది పట్టించుకోడు, ఎటువైపు చటుక్కున కదిలిందన్నదే చూస్తాడు. మెల్లగా జరిగింది రొద, గభాలున కదిలింది సంకేతం. రొదలోంచి మాటను వేరుచేయడంలో ఇది మొదటి మెట్టు.

విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల అభినందన చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. ఆ పదహారు గంటల్లో ఎక్కువ భాగం మళ్లీ పంపండి, నెమ్మదిగా పంపండి, మా సంకేతం అందుతోందా అనే అడగడాలతోనే గడిచింది. పైగా మొదటి భాగం రాగానే మరమ్మతు కోసం పని ఆగింది. న్యూఫౌండ్‌లాండ్ వాళ్లు అంతే కాబోలనుకుని దాన్నే ముందుకు పంపేశారు. అందులో తప్పు అక్షరం లేదు, అయినా రాణి పొడిపొడిగా రెండు ముక్కలు రాసిందనే అభిప్రాయం కలిగింది. అందిన ప్రతి మాటా నిజమైనా సందేశం తప్పు కావచ్చు. టెలిగ్రాం తలకట్టులో మొత్తం మాటల సంఖ్య వేసి, అందుకున్నవాడు లెక్కపెట్టి సరిచూసుకునే ఆచారం ఈ ప్రమాదానికే విరుగుడు.

ఆ కేబుల్ ఖర్చును కొంతైనా సమర్థించిన సందేశం మన దేశానికి సంబంధించినది. 1857 తిరుగుబాటు అణచివేతకు కెనడా నుంచి సైన్యాన్ని రప్పించాలని బ్రిటన్ ఆదేశించింది. తర్వాత ఆ అవసరం తీరిపోయింది. 62వ రెజిమెంటు బయలుదేరనక్కరలేదని ఆగస్టు చివరి రోజున కేబుల్ ద్వారా కబురు వెళ్లింది. సుమారు 50,000 పౌండ్లు ఆదా అయ్యాయని చెప్పుకున్నారు. అలాంటి ఆదేశంలో ‘కాదు’ అనే ఒక్క మాట రొదలో కలిసిపోతే అర్థం తలకిందులవుతుంది, మిగిలిన వాక్యం మాత్రం చక్కగానే కనిపిస్తుంది. సెప్టెంబరు మొదట్లోనే కేబుల్ వాడకానికి పనికిరాకుండా పోయింది. నిలిచిన కేబుల్ 1866లో గాని పడలేదు.

మామూలు భాషలో పంపిన సందేశానికి ఒక రక్షణ ఉంది. ఒక అక్షరం చెడితే మాట వికారంగా కనిపిస్తుంది, చుట్టూ ఉన్న మాటలు అసలు రూపం పట్టిస్తాయి. వర్తకులు ఖర్చు తగ్గించుకోవడానికి వాక్యమంతటికీ ఒకే మాట పెట్టే కోడు పుస్తకాలు వాడడం మొదలుపెట్టాక ఆ రక్షణ పోయింది. 1887 జూన్‌లో ఫిలడెల్ఫియా ఉన్ని వర్తకుడు ప్రిమ్‌రోజ్ కాన్సస్‌లోని తన మనిషికి ఇలాంటి కోడు టెలిగ్రాం పంపాడు. అందులో ‘బి-ఏ-వై’ అనే మాటకు ‘నేను కొన్నాను’ అని అర్థం. మోర్స్‌లో ‘ఏ’ అంటే చుక్క, గీత. ‘యూ’ అంటే రెండు చుక్కలు, గీత. దారిలో ఎక్కడో ఒక చుక్క అదనంగా చేరి అది ‘బి-యూ-వై’ అయింది. అంటే ఇంగ్లీషులో ‘కొనుము’. కాన్సస్ మనిషికి అనుమానం రావడానికి ఏమీ లేదు, చెడిన మాట కూడా మంచి మాటే. అతను ఉన్ని కొంటూ పోయాడు. నష్టం 20,000 డాలర్లు దాటింది.

ప్రిమ్‌రోజ్ వెస్టర్న్ యూనియన్ కంపెనీ మీద దావా వేశాడు. ఫారం వెనక ఉన్న షరతు ప్రకారం రుసుములో సగం అదనంగా చెల్లిస్తే కంపెనీ సందేశాన్ని వెనక్కి పంపించుకుని సరిచూస్తుంది. అతను ఆ అదనం చెల్లించలేదు. 1894లో అమెరికా సుప్రీంకోర్టు షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అతనికి రావలసింది టెలిగ్రాం వెల, 1 డాలరు 15 సెంట్లు మాత్రమే. వర్తకుడికి కఠినమే గాని, సరిచూడని మాటకు పూచీ ఎవరిదన్న విషయంలో తీర్పు స్పష్టంగా ఉంది.

కోడు పుస్తకాల వాళ్లు దీనికి కనిపెట్టిన మందు తేలికైనది. పుస్తకంలోని ఏ రెండు మాటలైనా కనీసం రెండు అక్షరాల్లో తేడాగా ఉండాలి. అప్పుడు ఒక అక్షరం చెడితే అది పుస్తకంలో లేని మాట అవుతుంది, తప్పు బయటపడుతుంది. దీనికి మూల్యం ఉంది. 26 అక్షరాలతో ఐదక్షరాల మాటలు 1,18,81,376 రాయవచ్చు. ఈ నియమం పెడితే 4,56,976కు మించి వాడలేం. ఉచ్చరించడానికి వీలుగానూ ఉండాలంటే ఇంకా తగ్గుతాయి. తప్పు బయటపడ్డాక ఏం చేయాలో కొన్ని పుస్తకాల్లో ఉన్న సవరణ పట్టిక చెప్పేది. ఐదు స్థానాల్లో చెడింది ఏదైనా కావచ్చు, ఒక్కో స్థానం దిద్దితే పుస్తకంలోని మాట ఒకటికి మించి రాదు. అంటే అసలు మాట మహా అయితే ఐదింటిలో ఒకటి. సందర్భానికి ఒకటే అతికితే తీసుకునేవారు. రెండు అతికితే ఊహించకుండా మళ్లీ పంపమని అడిగేవారు.

బెల్ లాబరేటరీస్‌లో రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన వ్యాసం ఈ తేడానే కొలతగా మార్చింది. రెండు స్థానాల తేడా ఉంటే ఒక తప్పు తెలుస్తుంది. మూడు స్థానాల తేడా ఉంటే ఒక తప్పును దిద్దవచ్చు, ఎందుకంటే చెడిన రూపానికి దగ్గరలో ఒకే ఒక సరైన రూపం మిగులుతుంది. నాలుగు అంకెల సమాచారానికి మూడు తనిఖీ అంకెలు చేర్చి ఆయన దీన్ని సాధించాడు. ఇందులో ఒక చిక్కుంది. ఒకేసారి రెండు తప్పులు పడితే యంత్రం ధీమాగా వేరే రూపానికి దిద్దేస్తుంది, ప్రిమ్‌రోజ్ మనిషికి జరిగినట్టే. మరొక్క తనిఖీ అంకె చేర్చి తేడాను నాలుగుకు పెంచితే, ఒక తప్పును దిద్దుతూనే రెండు తప్పుల్ని గుర్తించవచ్చని అదే వ్యాసంలో ఉంది. నేటి సర్వర్ కంప్యూటర్ల జ్ఞాపకభాగాల్లో ఈ కోవ పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. 64 బిట్ల సమాచారానికి 8 తనిఖీ బిట్లు చేరుస్తారు. ఒక బిట్ చెడితే దిద్దుతారు, రెండు చెడితే ఆ సమాచారం నమ్మదగినది కాదని తెలియజేస్తారు.