తానంతట తాను మారే తెర వెలుగు

రాత్రి భోజనాలైన తరువాత ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు కూర్చుంటారు. ఎవరో లేచి ట్యూబులైటు ఆర్పుతారు. కొద్ది క్షణాలలో తెర కూడా కొంచెం మసకబారుతుంది. మళ్ళీ లైటు వేస్తే తెర తేరుకుంటుంది. మరొక ఇంట్లో లైటును ఎవరూ ముట్టుకోరు. అయినా సినిమాలో చీకటి దృశ్యం రాగానే తెర అంతా కుంగిపోయి, అడుగున కనబడే తెల్లని అక్షరాలు బూడిదరంగుకు తిరుగుతాయి. రెండు ఇళ్ళవారూ పెట్టె చెడిపోయిందనే అనుకుంటారు.

నిజానికి ఏ పెట్టే చెడలేదు. రెండింటిలోనూ వెలుగును మార్చే ఏర్పాటు తన పని తాను చేసుకుపోతున్నది. కాని ఆ రెండు ఏర్పాట్లూ ఒకటి కావు. మొదటిది గదిని చూస్తుంది. రెండవది బొమ్మను చూస్తుంది. మొదటిది చూసేవాని కంటికోసం పుట్టింది. రెండవది విద్యుత్తును ఆదా చేయడానికి వచ్చింది. ఇవి ఒకే పెట్టెలోకి ఎలా చేరాయో తెలిస్తే, తెర మసకబారినప్పుడు కారణం ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

సెలీనియం చెప్పిన రహస్యం

వెలుతురును విద్యుత్తు ద్వారా పసిగట్టవచ్చునన్న సంగతి అనుకోకుండా బయటపడింది. విలోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రగర్భంలో వేసే తంతి కేబుళ్ళను పరీక్షించే పనిలో ఉండేవాడు. ఆ పరీక్షకు విద్యుత్తును బాగా నిరోధించే కడ్డీలు కావలసివచ్చి, ఆయన సెలీనియం అనే మూలకాన్ని ఎన్నుకున్నాడు. కాని ఆ కడ్డీల నిరోధం నిలకడగా ఉండేది కాదు. కడ్డీలున్న పెట్టె మూత వేసినప్పుడు నిరోధం ఎక్కువగాను, మూత తీసినప్పుడు తక్కువగాను కనబడేది. దీనికి కారణం వేడి కాదనీ, వెలుతురేననీ పరీక్షలలో తేలింది. 1873 ఫిబ్రవరిలో ఆయన ఈ విషయాన్ని ప్రకటించాడు. కేబుళ్ళ పరీక్షకు పనికిరాని ఆ గుణమే తరువాతి తరాలకు కృత్రిమమైన కన్నును ఇచ్చింది.

సెలీనియం తరువాత కాడ్మియం సల్ఫైడ్ వచ్చింది. చీకటిలో పది లక్షల ఓములకు మించి ఉండే దీని నిరోధం మంచి వెలుతురులో కొన్ని వందల ఓములకు దిగిపోతుంది. పైగా, పచ్చని వెలుగుకు మన కన్ను ఎంతగా స్పందిస్తుందో ఇదీ ఇంచుమించు అంతగానే స్పందిస్తుంది. 1950 దశకం చివర ఐరోపాలో తయారైన కొన్ని టెలివిజన్ పెట్టెల ముందు భాగంలో ఇలాంటి చిన్న బిళ్ళను అమర్చారు. గదిలో వెలుతురు పెరిగితే తెర వెలుగు పెరిగేది, తగ్గితే తగ్గేది.

గదితో తెరకు పని ఏమిటి?

ఇది కేవలం వింత కోసం చేసినది కాదు. టెలివిజన్ తెర తన వెలుగును తాను ఇవ్వడమే కాక, తనమీద పడిన గది వెలుతురులో కొంత వెనుకకు వెదజల్లుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. గదిలో లైట్లన్నీ వేసినప్పుడు తెరమీద 300 లక్సుల వెలుతురు పడుతున్నదనుకుందాం. లక్సు అంటే ఒక ఉపరితలంమీద పడే వెలుతురుకు కొలత. అందులో నూటికి అయిదు వంతులు తెరనుంచి చెదరి వెనుకకు వస్తే, బొమ్మలో నల్లగా ఉండవలసిన చోటు కూడా చదరపు మీటరుకు దాదాపు 5 కాండెలాల ప్రకాశంతో కనబడుతుంది. లైట్లు ఆర్పి గదిని 10 లక్సులకు తెస్తే ఈ అనవసరపు ప్రకాశం 0.16 కాండెలాలకు పడిపోతుంది.

వెలుతురు గదిలో నలుపు వెలసిపోయినట్లు కనబడడానికి కారణం ఇదే. ఆ నలుపుకు పైన తెలుపు స్పష్టంగా తేలాలంటే తెరను కాంతివంతం చేయాలి. చీకటి గదిలో ఆ అవసరం లేదు. పైగా చీకటికి అలవాటుపడిన కంటికి అదే కాంతి గుచ్చుకుంటుంది. కనుక గదిని చూసి తెరను సర్దే ఏర్పాటుకు బలమైన కారణం ఉన్నది.

అయితే కాడ్మియం బిళ్ళకు రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, వెలుతురు పోయిన తరువాత తన పూర్వస్థితికి రావడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. రెండు, కాడ్మియం విషపదార్థం. ఐరోపా సమాజం 2006 జూలైనుంచి విద్యుత్ పరికరాలలో దాని వాడకాన్ని కట్టడి చేయడంతో, అప్పటికే వాడుకలోకి వస్తున్న సిలికాన్ ఫోటోడయోడ్లు దాని స్థానాన్ని ఆక్రమించాయి.

సిలికాన్‌కు ఇంకొక చిక్కు ఉన్నది. మన కంటికి కనబడని పరారుణ కిరణాలను అది కనబడే వెలుతురుకంటె ఎక్కువగా గుర్తిస్తుంది. పాతకాలపు తంతి బల్బు వెలువరించే శక్తిలో అధికభాగం పరారుణమే. కనుక మామూలు సిలికాన్‌కు తంతి బల్బు వేసిన గది, ట్యూబులైటు గదికంటె ఎన్నో రెట్లు వెలుతురుగా తోస్తుంది. దీనిని సవరించడానికి ఒకే చిప్పుమీద రెండు ఫోటోడయోడ్లు పెట్టారు. ఒకటి మొత్తం వెలుతురును, మరొకటి పరారుణాన్ని మాత్రమే కొలుస్తాయి. మొదటి లెక్కనుంచి రెండవదాన్ని తీసివేస్తే కంటికి తగిన కొలత మిగులుతుంది. 50 హెర్ట్జుల కరెంటుమీద ట్యూబులైటు క్షణానికి 100 సార్లు మినుకుతుంది కనుక, క్షణంలో పదోవంతు కాలంపాటు వెలుతురును కూడి సగటు తీస్తారు. 2003 నాటి ఆపిల్ పవర్‌బుక్‌లోను, 2007 లో వచ్చిన ఐఫోన్‌లోను వెలుతురు సెన్సారు ఉన్నది. ఆ తరువాత చేతి ఫోన్లలో అది సర్వసాధారణమైపోయింది.

కరెంటు మీటరు కన్ను

పలుచని పెద్ద తెరలు ఇళ్ళలోకి వచ్చిన తరువాత కథ మలుపు తిరిగింది. ద్రవస్ఫటికాల తెరలో బొమ్మ వెనుక ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. దానినే బ్యాక్‌లైటు అంటారు. కరెంటులో అధికభాగం దానికే ఖర్చు. అమెరికాలోని ఎనర్జీ స్టార్ పథకం 2008 నవంబరునుంచి, పెట్టె నడుస్తున్నప్పుడు తీసుకునే కరెంటుకు కూడా హద్దు పెట్టింది. వెలుతురు సెన్సారు ఉన్న పెట్టెలను పూర్తి చీకటిలో ఒకసారి, 300 లక్సుల వెలుతురులో ఒకసారి కొలిచి రెండింటినీ కలిపి లెక్కవేసేవారు. కన్ను కోసం పుట్టిన సాధనం ఇక్కడ లెక్కలోకి ఎక్కింది.

అయితే పూర్తి చీకటిలో కూర్చుని టెలివిజన్ చూసేవారు ఎవరు? తెర వెలుగే గదిలో కొంత వెలుతురును కలిగిస్తుంది. అందుచేత సున్న లక్సుల దగ్గర తెరను మితిమీరి మసకబార్చినా ఇంట్లో తెలియదు, పరీక్షలో మాత్రం లాభం కలుగుతుంది. ఈ లోపాన్ని గమనించి 2013 లో అమెరికా ఇంధనశాఖ 100, 35, 12, 3 లక్సుల దగ్గర కొలిచి, నాలుగింటికీ సమాన విలువ ఇచ్చే పద్ధతిని తెచ్చింది. ఒక పెట్టె ఈ నాలుగుచోట్ల వరుసగా 100, 80, 60, 40 వాట్లు తీసుకుంటే దాని సగటు 70 వాట్లు. ఇంటివారు సెన్సారును ఆపివేస్తే మాత్రం అది ఎప్పుడూ 100 వాట్లే తీసుకుంటుంది. చీటీమీది లెక్క ఆ ఇంటికి వర్తించదు.

ఐరోపాలో 2021 మార్చినుంచి అమలైన నియమాలు మరొక అడుగు ముందుకు వేశాయి. సెన్సారు ఉన్నందుకు రాయితీ కావాలంటే తెర ఎంత మసకబారాలో, ఎంతకు మించి మసకబారకూడదో కూడా అవి నిర్ణయించాయి. 12 లక్సుల గదిలో తెర వెలుగు, 100 లక్సుల దగ్గర ఉన్నదానిలో నూటికి 35 కు తగ్గకుండా, 70 కి మించకుండా ఉండాలి.

ఆదా కోసమే వచ్చిన రెండవ ఏర్పాటుకు గదితో సంబంధం లేదు. ఒక దృశ్యంలో అత్యంత కాంతివంతమైన చోటుకు కూడా బ్యాక్‌లైటులో సగమే చాలుననుకుందాం. అప్పుడు దీపాన్ని సగానికి తగ్గించి, స్ఫటికాల ద్వారాలను రెట్టింపు తెరిస్తే బొమ్మ మారదు. దీపానికి కరెంటు సగం మిగులుతుంది. ఉపాయం చక్కనిదే. కాని నల్లని ఆకాశంలో ఒక నక్షత్రమో, చీకటి దృశ్యంలో తెల్లని అక్షరాలో ఉంటే, వాటి ద్వారాలు ముందే పూర్తిగా తెరచి ఉంటాయి. దీపం తగ్గితే అవి మసకబారక తప్పదు. మొదట చెప్పిన రెండవ ఇంటి సంగతి ఇదే.

ఈ రెండు ఏర్పాట్లమీద వచ్చిన విమర్శ కూడా గమనించదగినది. అమెరికాలో నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ 2016 లో ఒక నివేదిక ప్రకటించింది. కొన్ని పెట్టెలలో వాడుకరి బొమ్మ తీరును మార్చగానే ఆదా ఏర్పాట్లు చెప్పకుండానే ఆగిపోతున్నాయని అందులో చూపారు. తెర మసకబారినందుకు విసిగి ఒక మీట నొక్కినవాడు తెలియకనే ఆదాను పోగొట్టుకుంటాడన్నమాట.

కారణాన్ని పోల్చుకోవడం

రెండింటినీ వేరుచేయడం సులభం. సినిమాను ఒక దృశ్యం దగ్గర నిలిపి, బొమ్మ కదలకుండా చూసుకోవాలి. తరువాత గది దీపాన్ని ఆర్పి అర నిమిషం ఆగాలి. బొమ్మ అదే అయినా వెలుగు మారితే, గదిని చూసే సెన్సారుదే ఆ పని. ఫోనులో అయితే ముందు కెమెరా దగ్గరి భాగాన్ని వేలితో మూసినా ఇదే తెలుస్తుంది. ఇప్పుడు దీపాన్ని మార్చకుండా, నల్లని పేజీని, తెల్లని పేజీని ఒకదాని తరువాత ఒకటి తెరమీద పెట్టాలి. అప్పుడు మారితే బొమ్మను చూసే ఏర్పాటు పనిచేస్తున్నది. విండోస్ 11 కంప్యూటర్లలో ఈ రెండింటికీ వేర్వేరు మీటలు ఉన్నాయి: మొదటిది "Change brightness automatically when lighting changes", రెండవది "Change brightness based on content".

గదిని చూసే సెన్సారు ఊగిసలాడుతుంటే దాని స్థానాన్ని పరిశీలించాలి. దుమ్ము పట్టినా, అల్లిక గుడ్డ దానిమీదికి వేలాడినా అది ఎప్పుడూ చీకటే అనుకుంటుంది. ఎదురుగా తెల్లని గోడ ఉంటే, తెర వెలుగే తిరిగి వచ్చి గది వెలుతురుగా లెక్కకు వస్తుంది. అప్పుడు తెర పెరిగితే కొలత పెరుగుతుంది, కొలత పెరిగితే తెర ఇంకా పెరుగుతుంది. దీనికి విరుగుడుగా తయారీదారులు మారుపు నెమ్మదిగా జరిగేటట్లు చేసి, పెంచే హద్దుకు, తగ్గించే హద్దుకు నడుమ కొంత ఎడం ఉంచుతారు. ఆ ఎడం చాలనప్పుడే తెర ముందుకు వెనుకకు ఊగుతుంది.

రెండు మీటలూ ఆపిన తరువాత కూడా తెల్లని పేజీ మసకబారుతుంటే, అది స్వయంప్రకాశమైన ఓఎల్ఈడి తెర కావచ్చు. తెర అంతా తెల్లబడితే కరెంటు మితిమీరకుండా అది తన వెలుగును తానే తగ్గించుకుంటుంది. ఎండలో వేడెక్కిన ఫోను కూడా ఇలాగే చేస్తుంది. ఇవి పరికరాన్ని కాపాడే ఏర్పాట్లు గనుక మెనూలో వీటికి సాధారణంగా మీట ఉండదు. మిగిలిన రెండింటిలో ఒకటే ఇబ్బంది పెడుతుంటే ఆ ఒక్కదానినే ఆపవచ్చు. అక్షరాలు మసకబారినందుకు బొమ్మను చూసే ఏర్పాటును ఆపినా, గదిని చూసే సెన్సారును ఉండనిస్తే రాత్రివేళ కంటికి సుఖమూ, కరెంటులో కొంత ఆదా దక్కుతూనే ఉంటాయి.