సర్టిఫైడ్ కాపీ, ఈసీ (రిజిస్ట్రేషన్ శాఖ)

క్రయ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ అంటే, రిజిస్ట్రేషన్ జరిగినప్పుడు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం తన దగ్గర నమోదు చేసుకొన్న దస్తావేజు పాఠానికి ఆ కార్యాలయమే సంతకం, ముద్రతో ఇచ్చే నకలు. ఈసీ అంటే ఒక ఆస్తి గురించి, అడిగినవారు పేర్కొన్న కాలానికి, కార్యాలయ సూచికలు వెదికి ఇచ్చే లావాదేవీల పట్టిక. ఆస్తి ఎవరిదో ఈసీ తేల్చదు. అడిగిన వివరానికి సూచికలో ఏం దొరికిందో మాత్రమే చెబుతుంది. ఈసీ విషయంలో వచ్చే చిక్కుల్లో చాలాభాగం ఈ తేడాను గమనించకపోవడం వల్ల వచ్చేవే.

రెండింటికీ ఆధారం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో, స్థిరాస్తితో సంబంధంలేని ఇతర దస్తావేజులు నాలుగో పుస్తకంలో నమోదవుతాయి. 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు పొందవచ్చు. అడిగేవారు యజమాని కానక్కరలేదు. అసలు పోయిందని చెబితే కొన్నిచోట్ల గుర్తింపు కార్డు, పోలీసు ఫిర్యాదు ప్రతి అడగడం ఉంది. కానీ ఒకటో పుస్తకం నకలు కోసం సెక్షన్‌లో అలాంటి షరతు కనబడదు. వీలునామా సంగతి వేరు. రాసినవారు బతికి ఉండగా దాని నకలు వారికి లేదా వారి ఏజెంటుకే ఇస్తారు. ఈసీలో వీలునామా కనబడకపోవడానికి కారణం అది మూడో పుస్తకంలో ఉండడమే, వెతుకులాట ఒకటో పుస్తకం వరకే సాగుతుంది.

నకలు అడగడానికి కావలసినవి మూడు: రిజిస్ట్రేషన్ జరిగిన కార్యాలయం, దస్తావేజు నంబరు, సంవత్సరం. ఈ మూడూ ఉంటే పని సులువు. నంబరు తెలియకపోతే ముందు సూచికలు వెదకాలి. ఒకటో సూచిక పేర్ల ప్రకారం, రెండో సూచిక ఆస్తి ప్రకారం నడుస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించిన ‘కార్డ్’ పథకం ప్రారంభాన్ని సాధారణంగా 1998 నవంబరు 4గా చెబుతారు. అయితే కంప్యూటర్ ఈసీకి ఆ తేదీ కంటే 1983 జనవరి 1 ముఖ్యం. పాత సూచికల సమాచారాన్ని అక్కడి నుంచే ఎక్కించారు. అంతకు ముందు కాలానికి సంబంధిత కార్యాలయంలో పుస్తకాలు తిప్పించవలసిందే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకొందాం. తెనాలి ప్రాంతంలో ఒకాయన 1979లో ఎకరం పొలం కొన్నాడు. ఆయన పోయాక కొడుకులకు అసలు దస్తావేజు దొరకలేదు. పాసుపుస్తకంలో ఉన్న సర్వే నంబరు 112/2బి. ఆ నంబరు మీద 1983 నుంచి నేటి వరకు ఈసీ తీస్తే ‘నిల్’ వచ్చింది. పొలం మీద ఏ భారమూ లేదని వారు అనుకొన్నారు. నిజానికి కొనుగోలు దస్తావేజే ఆ కాలపరిధికి బయట ఉంది. పైగా తండ్రి కొన్ననాటికి 112/2బి అనే సబ్‌డివిజనే లేదు.

ఇక్కడ సరైన క్రమం వెనుక నుంచి మొదలవుతుంది. కొన్న సంవత్సరం కచ్చితంగా తెలియదు కనుక 1978 నుంచి 1980 వరకు తండ్రి పేరు మీద, అమ్మినవారి పేరు మీద ఒకటో సూచిక వెదికించాలి. ఇంటిపేరు రాసిన తీరు మారితే ఎంట్రీ తప్పిపోతుంది కాబట్టి రెండు పేర్లూ ఇవ్వడం మంచిది. ఎంట్రీ దొరికితే దస్తావేజు నంబరు, వాల్యూము, పేజీలు తెలుస్తాయి, వాటితో సర్టిఫైడ్ కాపీ వస్తుంది. ఆ కాపీలో ఆస్తి సర్వే నంబరు 112/2 అనీ, నాలుగు హద్దులూ ఉన్నాయి. అప్పుడు 112/2, 112/2బి రెండింటి మీదా, 1979 నుంచి మళ్లీ ఈసీ అడగాలి. ఈసారి 1994లో తండ్రి 112/2 నంబరుతో ఒక బ్యాంకుకు రాసిచ్చిన తనఖా బయటపడింది. దాని విడుదల దస్తావేజు మాత్రం కనబడలేదు. అప్పు తీరలేదని దీనితోనే తేలదు. తీరినా విడుదల రిజిస్టరు కాకపోయి ఉండవచ్చు. అది తేల్చుకోవలసింది బ్యాంకు దగ్గర. మొదటి ఈసీ అబద్ధం చెప్పలేదు, అడిగిన నంబరుకు జవాబిచ్చింది, అంతే.

గ్రామం ఒక కార్యాలయం పరిధి నుంచి మరో దానికి మారిన చోట ఇలాంటి చిక్కే వస్తుంది. పాత కాలానికి పాత కార్యాలయంలోనూ వెదికించాలి. ఇళ్ల స్థలాలకు సర్వే నంబరుతో పాటు ప్లాటు నంబరు, పాత, కొత్త ఇంటి నంబర్లు ఇవ్వడం అవసరం.

ఈసీ చదివేటప్పుడు పేర్ల పక్కన EX అని ఉంటే రాసి ఇచ్చినవారు, CL అని ఉంటే రాయించుకొన్నవారు. తేదీల గడిలో R రిజిస్ట్రేషన్‌కు, E సంతకాలు చేసిన రోజుకు, P దాఖలుకు గుర్తులు. ఈ తేదీల తేడాను చాలామంది దాటేస్తారు. దస్తావేజు రాసిన నాలుగు నెలల్లోగా దాఖలు చేయవచ్చని 23వ సెక్షన్, రిజిస్టరైతే రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాక, రిజిస్ట్రేషన్ అవసరం లేకుంటే ఎప్పటి నుంచి అమలయ్యేదో అప్పటి నుంచే అమలవుతుందని 47వ సెక్షన్ చెబుతున్నాయి. జనవరి 10న ఒకరికి అమ్మి దస్తావేజు రాసి, మే 2న దాఖలు చేశారనుకొందాం. మార్చిలో తీసిన ఈసీలో ఆ అమ్మకం ఉండదు. ఆ ఈసీని నమ్మి ఏప్రిల్‌లో కొన్నవారు తమ దస్తావేజును ముందుగా రిజిస్టరు చేయించుకొన్నా మొదటి కొనుగోలుదారు కంటే వెనకబడే ప్రమాదం ఉంది. కొనుగోలు రోజున మళ్లీ ఈసీ తీయడం మంచిదే కానీ, ఈ ఖాళీ దానితోనూ పూర్తిగా పూడదు. పొలం ఎవరి స్వాధీనంలో ఉందో చూడడం, అసలు దస్తావేజులు చూపమని అడగడం అందుకే.

ఒకటో పుస్తకానికి ఎక్కనిది ఏదీ ఈసీలో రాదు. నోటిమాట పంపకం, వారసత్వం ఈ కోవలోవి. దస్తావేజులను బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చినప్పుడు, ఆ ఒప్పందాన్ని పత్రంగా రాసి రిజిస్టరు చేస్తే తప్ప అదీ కనబడదు. 22-ఎ కింద ఉండే నిషేధిత ఆస్తుల జాబితా కూడా వేరు, దాన్ని విడిగా చూసుకోవాలి.

సర్టిఫైడ్ కాపీ సాక్ష్య విలువ మీద రెండు వాదాలున్నాయి. దస్తావేజులో ఏముందో నిరూపించడానికి అది చెల్లుతుందని 57వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్ అంటుంది. 2023లో అప్పయ్య కేసులో సుప్రీంకోర్టు ఇదే ధ్రువపరిచింది. దస్తావేజును ఆ వ్యక్తే రాసిచ్చాడన్న సంగతి కూడా కాపీతో రుజువైనట్టేనని కొందరు వాదిస్తారు. వివాదం ఉన్న కేసుల్లో దాన్ని విడిగా నిరూపించుకోవాలన్న అభిప్రాయమే నిలకడగా కనబడుతుంది.

తెలంగాణలో 2020 నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహశీల్దార్లకు మారింది. అక్కడి పొలానికి ఆ తేదీకి ముందు లావాదేవీలను సబ్‌రిజిస్ట్రార్ దగ్గర, తరువాతివి తహశీల్దారు రికార్డులో చూడాలి. 2025లో వచ్చిన భూభారతి చట్టం తరువాత కూడా పాత లావాదేవీల వెతుకులాటకు ఈ విభజన వర్తిస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ శాఖ వెబ్‌సైటు తెర మీద కనిపించే ఈసీ వివరం సమాచారం కోసమే. బ్యాంకుకో కోర్టుకో ఇవ్వాలంటే సంతకం చేసిన ప్రతిని కార్యాలయం నుంచో, మీసేవ కేంద్రం ద్వారానో తీసుకోవాలి.