జ్వరం తగ్గింది.. ఇప్పుడు ఛాతీలో గ్యాస్ అంటున్నారా? ఫ్లూ వచ్చిన వారంలో గుండెపోటు రిస్క్ 6 రెట్లు!

ఫ్లూ అంటే మనకి మూడు రోజుల జ్వరం, ఒళ్లు నొప్పులు, కాస్త మిరియాల కషాయం. అంతే! నాలుగో రోజు జ్వరం దిగితే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ షుగర్, బీపీ ఉన్నవాళ్లు, ఇదివరకే స్టెంట్ పడినవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఆ వారమంతా ఓ కన్నేసి ఉంచాలి. ఎందుకంటే ఫ్లూ వచ్చిన మొదటి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది.

6 రెట్లు అన్న లెక్క ఎక్కడిది?

ఇది కెనడాలోని అంటారియో రాష్ట్రం నుంచి వచ్చిన లెక్క. 2018 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ స్టడీ వచ్చింది. ల్యాబ్ టెస్టులో ఫ్లూ కన్ఫర్మ్ అయిన 35 ఏళ్లు పైబడినవాళ్ల రికార్డులు తీశారు. టెస్టుకు ఏడాది ముందు నుంచి ఏడాది తర్వాత వరకు, గుండెపోటుతో ఆస్పత్రిలో చేరిన కేసులు మొత్తం 364 దొరికాయి. అందులో 20 కేసులు ఫ్లూ టెస్టు తర్వాతి ఒక్క వారంలోనే వచ్చాయి. మిగతా 344 కేసులు దాదాపు 104 వారాల్లో పరుచుకున్నాయి. అంటే వారానికి సగటున 3.3 మాత్రమే. 20 ఎక్కడ, 3.3 ఎక్కడ! ఆరు రెట్లు అంటున్నది ఇదే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫ్లూ వచ్చినవాళ్లని, రానివాళ్లని పక్కపక్కన పెట్టి పోల్చలేదు. అదే మనిషిని, ఫ్లూ వచ్చిన వారంలో ఎలా ఉన్నాడు, మిగతా వారాల్లో ఎలా ఉన్నాడు అని చూశారు. కాబట్టి ఆయనకి ముందు నుంచీ షుగర్ ఉందనో, సిగరెట్ అలవాటు ఉందనో ఈ తేడాని కొట్టిపారేయలేం. అవి రెండు వైపులా ఉన్నాయి. 7 రోజులు దాటాక మాత్రం గుండెపోట్లు పెరిగినట్టు కనిపించలేదు.

అలాగని 25 ఏళ్ల కుర్రాడు కంగారు పడక్కర్లేదు. ఆ స్టడీలో గుండెపోటు వచ్చినవాళ్లు ఎక్కువగా పెద్ద వయసువాళ్లే. అసలు రిస్క్ చాలా చిన్నదైతే, దానికి ఆరు రెట్లు కూడా చిన్నదే. ఇంకో పరిమితి కూడా ఉంది. ఫ్లూ టెస్టు దాకా వెళ్లారంటే వాళ్లకి జబ్బు కాస్త గట్టిగానే ఉండి ఉంటుంది. ఇంట్లోనే తగ్గిపోయే తేలికపాటి ఫ్లూకి ఇదే లెక్క వర్తిస్తుందని చెప్పలేం.

బ్రెయిన్ స్ట్రోక్ సంగతి వేరేగా ఉంది. బ్రిటన్ రికార్డులతో 2004లో వచ్చిన మరో స్టడీలో, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తర్వాత మొదటి 3 రోజుల్లో స్ట్రోక్ ముప్పు సుమారు 3 రెట్లు కనిపించింది. అది ఒక్కసారిగా పోలేదు, కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గుతూ వచ్చింది.

ముక్కులో వైరస్‌కి గుండెతో పనేంటి?

వయసు పెరిగేకొద్దీ గుండె రక్తనాళాల లోపలి గోడకి కొవ్వు పూడిక పేరుకుంటుంది. దాని మీద పల్చటి పొర ఉంటుంది. వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో రేగిన వాపు ఈ పూడికని కూడా రెచ్చగొడుతుంది. పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డ కడుతుంది. అదే సమయంలో రక్తం కూడా మామూలు కంటే త్వరగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది. దీనికి తోడు జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె వేగం నిమిషానికి దాదాపు 10 సార్లు పెరుగుతుంది. నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయి ఉంటుంది. అంటే గుండెకి పని ఎక్కువ, సప్లై తక్కువ.

ఒక ఇంట్లో ఇలా జరగొచ్చు

ఉదాహరణకి 62 ఏళ్ల పెద్దాయన్ని తీసుకుందాం. షుగర్ ఉంది, మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. సోమవారం 102 జ్వరం. ఒళ్లు నొప్పులు తట్టుకోలేక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకున్నారు. రెండు రోజులు తినబుద్ధి కాలేదు. ఖాళీ కడుపుతో ఎందుకులే అని రోజూ వేసుకునే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు కూడా పక్కన పెట్టేశారు. గురువారానికి జ్వరం పోయింది. శుక్రవారం తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, దవడ లాగుతోంది, కడుపు పైభాగంలో మంట. ‘ఏం లేదు నాన్నా, నాలుగు రోజుల నుంచి తినలేదు కదా, గ్యాస్ అయ్యుంటుంది’ అని కొడుకు గ్యాస్ ట్యాబ్లెట్, సోడా ఇచ్చాడు. తెల్లారాక చూద్దాంలే అనుకున్నారు.

ఇక్కడ మొదటి పొరపాటు సూది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల మందులు జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో వాడినవాళ్లలో గుండెపోటు ముప్పు ఎక్కువగా ఉందని తైవాన్ స్టడీ ఒకటి చూపించింది. మాత్ర కంటే సూదితో ఇంకా ఎక్కువ కనిపించింది. గుండె జబ్బు ఉన్నవాళ్లకి జ్వరానికి పారాసిటమాల్ మేలు. ముక్కు దిబ్బడకి వేసుకునే జలుబు మాత్రల్లో ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటే అది బీపీని పెంచగలదు. కొనేముందు స్ట్రిప్ వెనక చదవండి.

రెండోది మాత్రలు మానేయడం. స్టెంట్ ఉన్నవాళ్లు ఆస్పిరిన్ లాంటివి సొంతంగా ఆపకూడదు. రక్తం త్వరగా గడ్డకట్టే వారంలోనే దాన్ని ఆపే మందు తీసేసినట్టు అవుతుంది. వాంతులు, విరేచనాలు అవుతుంటే బీపీ, షుగర్ మాత్రల డోసు మార్చాల్సి రావొచ్చు. ఆ మాట డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి.

అసలు ప్రమాదం మూడోది. చెమటలు. పారాసిటమాల్ వేశాక జ్వరం దిగేటప్పుడు పట్టే చెమట వెచ్చగా ఉంటుంది, పట్టాక మనిషికి హాయిగా ఉంటుంది. జ్వరమే లేనప్పుడు చల్లటి చెమట పట్టి, లోపల ఏదో అయిపోతోందన్న భయం వేస్తే అది వేరే. దగ్గినప్పుడు, గట్టిగా ఊపిరి తీసినప్పుడు పొడిచినట్టు ఉండే నొప్పి ఫ్లూలో మామూలే. కదిలినా కదలకున్నా ఒకేలా బరువుగా, నొక్కుతున్నట్టు కొన్ని నిమిషాలకు మించి ఉంటే గుండెనే అనుమానించాలి. నిన్నటిదాకా బాత్రూమ్‌కి నడిచి వెళ్లిన మనిషి ఇవాళ ఆ నాలుగు అడుగులకే ఆయాసపడటం కూడా అలాంటిదే. షుగర్ ఉన్నవాళ్లకి అసలు నొప్పే తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, మంట మాత్రమే ఉంటాయి.

ఇలా ఉంటే తెల్లారే దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ‘నాలుగు రోజుల కిందట ఫ్లూ జ్వరం వచ్చింది, స్టెంట్ ఉంది’ అని చెప్పండి. మొదటి ఈసీజీ నార్మల్‌గా వచ్చినా ఇంటికి వచ్చేయొద్దు. ట్రోపోనిన్ అనే రక్త పరీక్షని కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తారు, అది చూశాకే తేలుతుంది. మూతి వంకర పోయినా, ఒక చేయి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది స్ట్రోక్. గడ్డని కరిగించే సూదికి టైమ్ మొదటి 4.5 గంటలే.

టీకాతో గుండెకి లాభం ఉందా?

ఉందనే చెప్పాలి. స్వీడన్ డాక్టర్లు నడిపిన ఐఏఎమ్ఐ ట్రయల్‌లో ఎక్కువగా గుండెపోటుతో చేరిన పేషెంట్లనే తీసుకున్నారు. 2,500 మందికి పైగా ఉన్న వీళ్లలో సగం మందికి ఆస్పత్రిలోనే ఫ్లూ టీకా, మిగతావాళ్లకి ఉత్తి సెలైన్ సూది వేశారు. మన పొరుగునున్న బంగ్లాదేశ్ పేషెంట్లు కూడా ఇందులో ఉన్నారు. ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్లు టీకా వేసుకున్నవాళ్లలో 2.9 శాతం, సెలైన్ వాళ్లలో 4.9 శాతం. కోవిడ్ రావడంతో ట్రయల్‌ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు, కాబట్టి ఇంకా పెద్ద సంఖ్యతో తేలాల్సింది మిగిలే ఉంది.

మన దగ్గర ఫ్లూ రెండుసార్లు ఎగబాకుతుంది. ఒకటి వానాకాలంలో, రెండోది జనవరి నుంచి మార్చి మధ్య. టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. వైరస్ రూపం మారుతుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. నాన్నకో, అత్తయ్యకో స్టెంట్ ఉంటే తొలకరికి ముందు జరిగే చెకప్‌లోనే ఈ మాట కార్డియాలజిస్ట్‌ని అడిగేయండి.